తళ్లికోటలో శుభం కార్డు

1565 జనవరి 23, తళ్లికోట యుద్ధం. అళియ రామరాయల తల తెగింది, చీకటి పడేలోగా విజయనగర సామ్రాజ్యం అంతరించింది. శుభం! యూట్యూబు చరిత్రకారులు చెప్పే కథ ఇంతే. పాపం, పరీక్ష రాసే పిల్లలకూ ఇదే సుఖం: ఒక తేదీ, ఒక మార్కు.

చిక్కల్లా తిరుపతి పక్కనున్న చంద్రగిరితోనే. అంతరించిన సామ్రాజ్యానికి మళ్లీ రాజధాని ఎందుకో ఆ కోటకు ఎవరూ చెప్పినట్టు లేదు. 1586లో పట్టానికొచ్చిన వెంకటపతిరాయలు ఇక్కడి నుంచి ఏలాడు. తిరుమల గుడిలో ఆయన విగ్రహం ఇప్పటికీ చేతులు జోడించుకుని నిలబడే ఉంది. తళ్లికోట నాటికే అంతా అయిపోయిందని ఆయనకు కబురు అందలేదు కాబోలు!

అసలు జరిగింది వేరు. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగులకెక్కించి, రాజకుటుంబంతో పెనుగొండ చేరాడు. ఊరు పోయింది గాని సొమ్మూ, దక్షిణాన పన్ను కట్టే సీమలూ, కొండకోటలూ పోలేదు. గెలిచిన సుల్తానులో, కొల్లగొట్టడం ముగిశాక మళ్లీ తమలో తాము తగవుపడ్డారు. ఓడినవాడికి ఊపిరి దొరికింది అక్కడే.

1580ల చివర గోల్కొండ సేన పెనుగొండను చుట్టుముట్టింది. వెంకటపతి బుద్ధిగా సంధి మాటలు మొదలెట్టాడు. సేన కాస్త వెనక్కి జరిగింది. ఆ సందులో కోటలోకి తిండిగింజలూ, మందుగుండూ, కొత్త బలగమూ చేరిపోయాయి. మళ్లీ ముట్టడిస్తే కోట లొంగలేదు, ఇంతలో వానలు ముంచుకొచ్చాయి. గోల్కొండవారు తట్టాబుట్టా సర్దుకున్నారు. దీన్ని సినిమా తీయమంటే ఎవరు తీస్తారు? కత్తి లేదు, తల తెగలేదు, ధాన్యం బస్తాలే హీరోలాయె.

తళ్లికోట చిన్న దెబ్బేం కాదు. హంపి మళ్లీ కోలుకోలేదు, మధుర, తంజావూరు, జింజి నాయకులు మెల్లగా చెయ్యి జారారు. అయితే చంద్రగిరి గోల్కొండ చేతికి చిక్కింది 1640లలో. అంటే మన వీడియోలో ఒక్క సాయంత్రం కింద లెక్క కట్టేది దాదాపు ఎనభై ఏళ్ల బేరసారాలూ, ముట్టడులూ, ఇంటిపోరూ.

ఇంటిపోరంటే గుర్తొచ్చింది. 1614లో వెంకటపతి పోగానే గొబ్బూరి జగ్గరాయడు కొత్త రాజునూ, ఆయన కుటుంబాన్నీ చంపించాడు. వెలుగోటి యాచమనాయుడు ఒక్క పిల్లవాణ్ని, రామదేవుణ్ని, బయటికి తప్పించాడు. రెండు పక్షాలూ తోపూరు దగ్గర తలపడితే జగ్గరాయడు హతుడయ్యాడు. ఇదిగో, ఇదైనా నిర్ణాయక యుద్ధమేనా? ఎక్కడిది! జగ్గరాయడి తమ్ముడు ఎతిరాజు ఇంకొన్నేళ్లు పోరాడాడు. చివరికి తన కూతురిని రామదేవరాయలకే ఇచ్చి పెళ్లి చేశాడు.