చావిడి లెక్క

మా రోజుల్లో పీర్ల పండగ లెక్క చావిడి ముందర గట్టిగా చదివేవాళ్లు. పాతనిల్వ ఎంత, చందా ఎంత, ఎవరికి ఎంత ఇచ్చినాం, మిగిలింది ఎవరి చేతిలో ఉంది, అంతే. అర్థం కాకుంటే అక్కడే అడిగేవాళ్లు. వానలు పడని ఏడు డబ్బుకు బదులు చెనక్కాయలు తెచ్చిచ్చినా, వాటిని అమ్మితే వచ్చిన రూకలు కూడా లెక్కలోకి ఎక్కేవి. ఈ అనంతపురం పల్లెల్లో పీర్లకు కులమూ మతమూ అడ్డం రావు, గూగూడు కుళ్లాయిస్వామిని చూసినోళ్లకు చెప్పాల్సిన పని లేదు. అందుకే లెక్క అడిగే హక్కూ అందరిదీ.

ఇప్పుడు? మొన్న మా ఊరి లెక్కల పిల్లోడు వాట్సాప్‌లో పెట్టే ముందు నాకు చూపించినాడు. పైన పూలు, దండాలు, పెద్దల పేర్లు. చివర్లో మాత్రం, “వచ్చింది 70,000, ఖర్చు 58,700, మిగిలింది 11,300.”

“పెట్టె తియ్యరా” అన్నా. చేతి డబ్బు, ఫోన్లో మిగిలింది కలిపితే 7,000 ఉంది. పిల్లోడి మొహం పాలిపోయింది. వాడు తిన్నాడా అంటే పైసా తినలేదు. ఇస్తామని నోటిమాట చెప్పిన 8,500ని వచ్చిన చందాలో కలిపినాడు. పోయినేడాది నిల్వ 4,200 మరిచినాడు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. రెండూ పోను మిగిలిన 4,300 తేడాకే ఊరు వాణ్ణి దొంగను చేసేది.

ఇంకొకటి, “ఇతర ఖర్చులు 17,200”. ఇతర అంటే ఏమప్పా? ఆ ఒక్క మాటకే నాలుగు అనుమానాలు పుడతాయి. విప్పితే షామియానా, దీపాలకు 11,000, చదివింపుల చక్కెరకు 6,200. ఇంతే!

పూలు, పొగడ్తలు తీసేయించి, ఇట్ల రాయించినా:

“పాతనిల్వ 4,200. చేతికి అందిన చందా 61,500 (నగదు 23,000, ఫోన్ ద్వారా 38,500). మొత్తం 65,700.
ఖర్చు: గుండం కట్టెలు 14,000, తప్పెట్లు 18,000, చావిడికి సున్నం, రంగు 9,500, షామియానా, దీపాలు 11,000, చక్కెర 6,200. మొత్తం 58,700.
నిల్వ 7,000. ఇంకా రావాల్సింది 8,500, ఇది పై లెక్కలో కలపలేదు. రసీదులు చావిడిలో ఉన్నాయి, ఆదివారం వచ్చి చూసుకోవచ్చు.”

బాకీదార్ల పేర్లు కూడా పెడతానన్నాడు. వద్దన్నా. పంట పోయినోడి పేరు ఊరందరి ఫోన్లలో తిప్పితే డబ్బు రాదు, పగ వస్తుంది. ఇంటికి పోయి అడగమన్నా. మా కాలంలో పేర్లు చదివేవాళ్లు గదా అని వాదించినాడు. చదివినా, ఆ మాట చావిడి అరుగు దాటి పోయేది కాదు.

ఫోన్లో పడిన 38,500 మాత్రం వాడి సొంత ఖాతాలోనే పడింది, ఎరువుల డబ్బుతో కలిసి. వచ్చే పండగకు ఇద్దరి సంతకాలతో వేరే ఖాతా తెరవమన్నా. “సరే తాతా” అంటూనే మళ్లీ ఒక పువ్వు బొమ్మ పెట్టి పంపినాడు.