గేటు పడ్డాక గేమింగ్

పెద్దదోర్నాలలో రాత్రి 9 కొట్టగానే అటవీశాఖ గేటు పడుతుంది. పులుల రాత్రి సంచారానికి అడ్డు రాకూడదు కాబట్టి ఉదయం 6 దాకా శ్రీశైలం ఘాట్లోకి బండి పోనివ్వరు. ఆగిపోయిన యాత్రికులు ఏం చేస్తారు? కార్లలో సీట్లు వెనక్కి వాల్చి ఫోన్లు తీస్తారు. సరిగ్గా అప్పుడే మా మేనల్లుడు వాళ్లమ్మ ఫోన్లో హాట్‌స్పాట్ వేసి, లాప్‌టాప్‌లో వాలరంట్ తెరుస్తాడు.

"మామా, రెండు గంటలు ఆడేసరికి 2 జీబీ అయిపోయింది. గేము డేటా తాగేస్తా ఉంది" అని వాడి ఫిర్యాదు.

పాపం, గేము అమాయకురాలు. ఫోన్లో ఆడే బీజీఎంఐకి గంటకు 50 ఎంబీ అటూ ఇటూ చాలు. వాలరంట్‌కు సుమారు 300 ఎంబీ. ఆటగాడు ఎటు తిరిగాడు, ఎక్కడ కాల్చాడు అన్న చిన్న చిన్న కబుర్లే అటూ ఇటూ నడుస్తాయి తప్ప, బొమ్మలన్నీ లాప్‌టాప్‌లోనే ఉంటాయి. రెండు గంటలకు 600 ఎంబీ అనుకున్నా, మిగతా 1.4 జీబీ ఎవరు తిన్నారు?

లాప్‌టాప్ సెట్టింగ్స్‌లో Data usage తెరిస్తే దొంగ దొరికాడు. లాప్‌టాప్‌కు వైఫై అంటే వైఫై. అది అమ్మ రీఛార్జి డబ్బులని దానికెవరు చెప్పారు? సిస్టమ్ అప్‌డేట్‌ను దించుకుంటూ, పాత పెళ్లి ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కిస్తూ ధారాళంగా ఖర్చుపెట్టింది. ఆ హాట్‌స్పాట్ పేరు కింద Metered connection ఆన్ చేస్తే చాలావరకు చేయి ముడుచుకుంటుంది. గేము సొంత ప్యాచ్ మాత్రం దీనికి లొంగదు. అది జీబీల్లో వస్తుంది, మార్కాపురంలో ఫైబర్ ఉన్న చుట్టాలింటికి లాప్‌టాప్ వేసుకుని పోవాల్సిందే. చుట్టరికాలు నిలబడేది ఇలాంటి అవసరాలతోనే.

మన మామూలు ప్రీపెయిడ్ ప్లాన్లలో హాట్‌స్పాట్‌కు వేరే కోటా ఉండదు. ఫోన్లో వాడినా, లాప్‌టాప్‌కు ఇచ్చినా ఒకే కుండలోంచి తీస్తారు. కుండ ఖాళీ అయితే నెట్ ఆగిపోదు, 64 కేబీపీఎస్‌కు దిగుతుంది. ఇది ఎంత దయగల ఏర్పాటో చూడండి. ఆ వేగంతో గంటకు 29 ఎంబీ కూడా కదలదు. అంటే బీజీఎంఐ కూడా పట్టదు. పైగా అమ్మకు వాట్సాప్‌లో గుడ్‌నైట్ పువ్వు వచ్చిందనుకోండి. ఆ ఫొటోలోని 1500 బైట్ల ముక్క ఒక్కటి ఆ సన్నటి దారిలో పోవడానికి 188 మిల్లీసెకన్లు పడుతుంది. మనవాడికి రావాల్సిన తూటా కబురు దాని వెనకే నిలబడాలి. ఫొటోలో అలాంటి ముక్కలు పదుల్లో ఉంటాయి. పువ్వు పూర్తిగా విచ్చుకునేలోపు మనవాడు మూడుసార్లు చచ్చుంటాడు.

కోటా నిండుగా ఉన్నప్పుడు కూడా పింగ్ 300 దాటితే? "సర్వర్ బొంబాయిలో ఉంది కదా మామా, దూరం" అంటాడు. దోర్నాల నుంచి ముంబయికి నేరుగా దాదాపు 750 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి 8 మిల్లీసెకన్లు. కేబుళ్లు ఊళ్లు చుట్టుకుంటూ పోతాయి కాబట్టి ఆ లెక్కను రెండింతలు, మూడింతలు చేసినా 300 రాదు. మంచి సమయంలో 4జీ మీద 50 నుంచి 80 ఆశించవచ్చు. ఆ పైన పెరిగేది చాలావరకు వరుసలో నిలబడ్డ కాలమే.

ఏ వరుసో తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. `ipconfig` కొట్టి, Default Gateway ఎదురుగా ఉన్న అంకెలు రాసుకోవాలి. అది అమ్మ ఫోన్ చిరునామా. తర్వాత ఇవి, మొదటి వరుసలో ఆ అంకెలు పెట్టి:

```
ping -n 50 192.168.43.1
ping -n 50 8.8.8.8
```

మొదటిది ఫోన్ దాకా, రెండోది బయటి లోకం దాకా. మొదటిదే 40, 90, 15 అని గంతులేస్తుంటే తప్పు వైఫైది. హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి ఫోన్‌ను పక్కన పెట్టుకోవాలి, లేదా ఛార్జింగ్ కేబుల్ గుచ్చి USB tethering వేయాలి. మా వాడు కేబుల్ గుచ్చి, Default Gateway అంకెలు మళ్లీ చూసుకుని పరీక్ష కొట్టాడు. మొదటి పరీక్ష 2కు దిగి అక్కడే నిలబడింది. రెండోది మాత్రం 60, 70, 410, 95. అంటే వరుస టవరు దగ్గర ఉంది. గేటు దగ్గర ఆగిన కార్లలో రీల్స్ చూసేవాళ్లందరూ అదే టవరు గాలిని పంచుకుంటున్నారు. దీనికి కేబులేం చేస్తుంది? ఫోన్‌ను కిటికీలో పెడితే సిగ్నల్ గీతలు పెరుగుతాయేమో గానీ జనం తగ్గరు.

అర్ధరాత్రి 12 దాటాక కోటా మళ్లీ నిండుతుంది, కార్లలో గురకలు మొదలవుతాయి, పింగ్ 55కు వస్తుంది. కానీ ఆ వేళకు అమ్మ ఫోన్ పట్టుకుపోయి దిండు కింద పెట్టుకుంటుంది. ఈ టెథరింగ్ పరిమితిని ఏ కంపెనీ ప్లానూ ఎత్తేయలేదు.

ఇక శివరాత్రి వారంలో ర్యాంకు మ్యాచ్ ఆడతానంటే నా దగ్గర సెట్టింగులేవీ లేవు. రోడ్డు మీదికొచ్చి నడిచిపోయే భక్తులకు మజ్జిగ పోయమన్నాను, కనీసం పుణ్యమన్నా పెరుగుతుంది.