కిలో ఎంత అని అడిగే కాలం

ఇప్పటి కుర్ర హోటలువాళ్ళకి వంటచెరకు గురించి ఒక్కటే ప్రశ్న తెలుసు, కిలో ఎంత అని. మా మేనల్లుడికి ఒంగోల్లో టిఫిన్ హోటలుంది. గ్యాసు సిలిండరు ఖర్చు భరించలేక మొన్న బజారంతా తిరిగి ధరలు కనుక్కొచ్చాడు. కట్టె 7 రూపాయలు, బ్రికెట్లు 9, పెల్లెట్లు 15, బొగ్గులు 40. "కట్టే చవక మామయ్యా" అని అక్కడికక్కడే తేల్చేశాడు.

మా రోజుల్లో అడితికి వెళ్తే ధర సంగతి ఆఖర్న. ముందు రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చూసేవాళ్ళం. ఖంగుమంటే ఎండుకట్టె. దబ్బుమంటే లోపల నీళ్ళున్నట్టు. కోసిన చివర నెర్రెలు విచ్చి, బెరడు గోటితో గీకితే ఊడొస్తే అప్పుడు కాటా ఎక్కించమనేవాళ్ళం. ఇప్పుడెవరు చూస్తున్నారు? లారీలో పచ్చిది వస్తుంది, పచ్చిదే దిగుతుంది. పొయ్యిలో పెట్టాక చివరి నుంచి నురగ కక్కుతూ బుసలు కొడుతుంటే, తుమ్మకట్టె మంచిది కాదని కట్టెనే తిడతారు.

అప్పుడే నరికిన కట్టెలో సగం దాకా నీళ్ళే ఉంటాయి. కిలోకి డబ్బిస్తే వచ్చేది అరకిలో కట్టె. అది కాలితే 2,250 కిలోకేలరీల వేడి పుడుతుంది గానీ, పక్కనున్న అరకిలో నీళ్ళని ఆవిరి చేయడానికే అందులోంచి 300 పైగా పోతుంది. మిగిలేది 1,900 చిల్లర. అదే కట్టెని చీల్చి, అడ్డదిడ్డంగా గాలాడేలా పేర్చి, ఒక ఎండాకాలం ఎండబెడితే కిలోకి 3,500 వస్తుంది. పొగ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. కట్టెలో ముప్పాతిక వంతు వేడికి ముందు ఆవిరిలా బయటికొచ్చి, గాలి తగిలాక మంటై మండుతుంది. తడి వల్ల పొయ్యి చల్లబడితే ఆ ఆవిరి మండకుండానే వెళ్ళిపోతుంది. కళ్ళు మండించే పొగంటే అదే, మనం డబ్బిచ్చి కొన్నా కాలకుండా పోయిన కట్టె.

వాడికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. సాంబారుకి 50 లీటర్ల నీళ్ళు మరగాలి. 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి తేవాలంటే 3,500 కిలోకేలరీలు గిన్నెలోకి దిగాలి. మట్టిపొయ్యిలో కట్టె వేడి పదో వంతు కూడా సరిగ్గా గిన్నెకి అందదు, మిగతాది పొయ్యి గోడలకీ, గాలికీ. పదో వంతే అనుకుందాం. ఎండుకట్టె 10 కిలోలు, 70 రూపాయలు. పచ్చికట్టె అయితే 18 కిలోలు దాటుతుంది, 126 రూపాయలు పైమాటే, కళ్ళనీళ్ళు ఉచితం. బొగ్గు కిలోకి 7,000 ఇస్తుంది. ఐదో వంతు గిన్నెకి చేరినా రెండున్నర కిలోలు చాలు, కానీ 100 రూపాయలు. బ్రికెట్లు జల్లెడ ఉన్న పొయ్యిలో ఆరు కిలోలు పైచిలుకు, 55 దాకా. పెల్లెట్లు ఫ్యాను పొయ్యిలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువే గిన్నెకి ఇస్తాయి, అవీ రెండున్నర కిలోలే, 38 రూపాయలు. కిలో 7 రూపాయలది 70 అయింది, కిలో 15 రూపాయలది 38లో తేలింది. మా వాడు నోరెళ్ళబెట్టాడు. అంకెలు పొయ్యిని బట్టీ, మనిషిని బట్టీ అటూ ఇటూ అవుతాయిలెండి. కిలో ధరని పట్టుకుని వేలాడితే మాత్రం ఏదీ తేలదు.

బొగ్గుకి పొగ ఉండదని ఇప్పుడు బిర్యానీ పాయింట్లవాళ్ళు గొప్పగా బోర్డులు పెట్టుకుంటున్నారు. ఎందుకుంటుంది? ఆ పొగంతా బట్టీ దగ్గరే పోయింది కదా! మా జిల్లాలో సర్కారు తుమ్మ నరికి, గుట్టగా పేర్చి, మట్టి కప్పి, రోజుల తరబడి కాలుస్తారు. కిలో బొగ్గుకి కనీసం ఐదు కిలోల కట్టె, బట్టీ సరిగ్గా కుదరకపోతే ఎనిమిది. 17,500 కిలోకేలరీల కట్టె పోసి 7,000 పుచ్చుకోవడమన్నమాట. దమ్ముకి మూత మీద పోయడానికీ, మొక్కజొన్న పొత్తులు కాల్చడానికీ బొగ్గుని మించింది లేదు, నిలకడైన వేడి. రోజూ సాంబారు మరిగించడానికి అది దుబారా. ఇంకో మాట, పొగ లేదు కదా అని చలికాలంలో తలుపులేసుకుని కుంపటి పక్కన పడుకోకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక బ్రికెట్లు. వేరుశనగ పొట్టునో రంపపు పొట్టునో గట్టిగా నొక్కి మోచేయంత లావు కడ్డీలుగా తీస్తారు. బాయిలర్లకి బాగుంటాయి. వంటపొయ్యికి పగలగొట్టి వేయాలి, ముందు చితుకులతో మంట లేపాలి, పైన బూడిద పేరుకుంటుంటే తట్టుతూ ఉండాలి. ఊకతో చేసినవైతే మరీ చిరాకు. ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదే. వంద కిలోలు కాలిస్తే ఇరవై కిలోలు ఎత్తిపోసుకోవాలి.

పెల్లెట్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. మా రోజుల్లో పొట్టుపొయ్యి ఉండేది. రేకు డబ్బాకి కింద పక్కన ఒక కన్నం, మధ్యలో నిలువుగా ఒక సీసా, ఆ కన్నంలోంచి అడ్డంగా ఒక కర్ర. సామిల్లు నుంచి తెచ్చిన పొట్టుని చుట్టూ పోసి కాలితో గట్టిగా దిమ్మిస్తాం. సీసా, కర్ర మెల్లగా లాగేస్తే పొయ్యిలో దారి పడుతుంది. కింద కాగితం అంటిస్తే మధ్యాహ్నం దాకా ఎవరూ కదపకుండా మండేది. దిమ్మించడంలో తేడా వస్తే పొట్టు కూలి దారి మూసుకుపోయి ఇల్లంతా పొగ, అదీ నిజమే. ఇప్పుడు అదే పొట్టుని మాత్రల్లా చేసి, చిటికెన వేలి కంటే సన్నగా, సంచుల్లో నింపి అమ్ముతున్నారు.

అయితే మాత్రలో పనితనం ఉంది, కాదనను. తేమ పది శాతం లోపే. అన్నీ ఒకే సైజు కాబట్టి ఫ్యాను గాలి సమానంగా ఆడుతుంది. పైకొచ్చిన ఆవిరికి రెండోసారి గాలి తగిలి పూర్తిగా మండుతుంది, గిన్నె అడుగున మసి తక్కువ. కరెంటు పోతే మాత్రం చూడాలి! ఫ్యాను ఆగిన రెండు నిమిషాల్లో తెల్లటి పొగ వంటగది నిండుతుంది. బ్యాటరీ లేకుండా ఆ పొయ్యి కొనొద్దని వాడికి గట్టిగా చెప్పాను. వానాకాలంలో సంచి నేల మీద పెడితే చెమ్మ తాగి ఉబ్బి మళ్ళీ పొట్టే అవుతుంది. మామూలు పొయ్యిలో గుప్పెడు పోస్తే గాలాడక కుములుతుంది తప్ప మండదు.

ధర కూడా ఇలాగే ఉంటుందని నమ్మకం లేదు. 2021లో కేంద్ర విద్యుత్ శాఖ బొగ్గు ప్లాంట్లలో 5 శాతం పెల్లెట్లు కలిపి కాల్చాలని విధానం తెచ్చింది. పొలంలో కాల్చేసే గడ్డికి దారి చూపించారు, మంచిదే. కానీ ఇడ్లీ పాత్ర కింద పోసేదాని కోసం మా వాడు ఇప్పుడు థర్మల్ స్టేషన్‌తో పోటీ పడి కొనాలి.

పెల్లెట్ల సంచులు దింపే ముందు వాణ్ణి ఒక్క పని చేయమన్నాను. సంచిలోంచి ఒక కిలో తూచి కాల్చి, చల్లారాక బూడిద తూచమన్నాను. రంపపు పొట్టుదని చెప్పి అమ్మేదానికి ముప్పై గ్రాములు దాటకూడదు. వంద దాటితే ఊకో మట్టో కలిసినట్టే. జల్లెడ మీద చిట్టెంలా గడ్డకట్టి అతుక్కున్నా అంతే, బండి వెనక్కి తిప్పమని చెప్పాలి. అమ్మడానికొచ్చిన కుర్రాడు "సర్టిఫికెట్ ఉంది పెద్దాయనా" అన్నాడు. కాగితం పొయ్యిలో వెయ్యి బాబూ, అది కూడా ఎంత బూడిదవుతుందో చూద్దాం అన్నాను.