40 శాతం వీరులు

మన సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మామూలు మనుషులు పనిచేయడం మానేసినట్టున్నారు. ఇంటర్వ్యూలు చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. వచ్చినవాళ్లంతా మునిగిపోతున్న ప్రాజెక్టును ఒంటిచేత్తో ఒడ్డుకు లాగినవాళ్లే. ఖర్చు తగ్గించినా, వేగం పెంచినా అందరిదీ ఒకటే లెక్క: 40 శాతం. 11 శాతం తగ్గించానని చెప్పేవాడి కోసం ఎదురుచూడటం వృథా.

ఈ వీరులను పోతపోసే అచ్చు పేరు స్టార్. సిట్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్. అంటే సందర్భమేమిటి, మీ మీద పడిన పనేమిటి, మీరేం చేశారు, చివరికేమైంది. 1974లో అమెరికాలోని డీడీఐ అనే సంస్థ దీన్ని తెచ్చింది అడిగేవాళ్ల కోసం. అభ్యర్థి "నేను ఒత్తిడిలో కూడా ప్రశాంతంగా ఉంటానండీ" అన్నాడనుకోండి. అందులో సందర్భమూ లేదు, పనీ లేదు. ఆ లోటు పట్టుకుని "ఎప్పుడు? అప్పుడేం చేశావు?" అని తవ్వడానికే ఆ నాలుగు గడులు. కొన్నాళ్లకు ఆ గడులు అభ్యర్థుల చేతికి చిక్కాయి. ఇప్పుడు వాళ్లే వాటిని ఇంట్లో నింపుకుని, అద్దం ముందు వల్లెవేసుకుని వస్తున్నారు. అడిగేవాళ్లు టిక్కులు పెట్టుకుంటున్నారు. తవ్వే పని తప్పిందని ఇద్దరికీ సంతోషమే.

ఒక ఊహా అభ్యర్థిని తీసుకుందాం. నెలాఖరు రాత్రి ఓ కంపెనీ నుంచి ఐదు జీతాల ఫైళ్లు బ్యాంకుకు వెళ్లాలి. మూడు వెళ్లాయి, రెండు ఆగిపోయాయి. ఆ సాయంత్రమే కొత్త కోడ్ పెట్టారు కాబట్టి తప్పు దానిదేనని అందరూ తేల్చేసి, పాత కోడ్ వెనక్కి పెట్టే పనిలో పడ్డారు. మనవాడికి మాత్రం ఒక అనుమానం: కొత్త కోడ్ పెట్టాకే కదా మూడు ఫైళ్లు సాఫీగా వెళ్లాయి? లాగ్‌లు చూస్తే బ్యాంకుతో కనెక్షన్‌కు వాడే సర్టిఫికెట్ గడువు మధ్యలో తీరిపోయింది. దాన్ని మార్చే అధికారం అతనికి లేదు. వేరే టీమ్‌లో నిద్రపోతున్న మనిషిని ఫోన్‌తో లేపాడు. సర్టిఫికెట్ మారాక మేనేజరు "మొదటినుంచీ అన్నీ పంపెయ్" అన్నాడు. మనవాడు ఆగమన్నాడు. బ్యాంకు నుంచి అందినట్టు జవాబు వచ్చిన మూడు ఫైళ్లను పక్కనపెట్టి, మిగిలిన రెండే పంపాడు. లేకపోతే చాలామందికి రెండేసి జీతాలు పడేవి.

ఇది కోచింగ్ గురువు చేతిలో పడిందనుకోండి. "ఇంత గజిబిజి ఎందుకు నాన్నా, తప్పుదారి పట్టిన గంట ఎవడికి కావాలి? ఫోన్ సంగతి తీసెయ్, నాయకత్వం కనపడదు. 'మేం' అనకు, ప్రతి వాక్యంలో 'నేను' రావాలి. చివర్లో ఒక శాతం పెట్టు." బయటికొచ్చే జవాబు ఇది: "కీలకమైన పేరోల్ సంక్షోభంలో నేను బృందానికి నాయకత్వం వహించి, మూలకారణాన్ని గుర్తించి, వైఫల్యాలను 40 శాతం తగ్గించాను." తప్పు కొత్త కోడ్‌దేనా అన్న అనుమానమూ పోయింది, రెండో జీతాన్ని ఆపిన జాగ్రత్తా పోయింది. ఉద్యోగం ఇవ్వదగ్గవి ఆ రెండే. వాటిని చెత్తబుట్టలో వేసి, అబద్ధపు శాతాన్ని మాత్రం ఫ్రేము కట్టించారు. (ఈ 'నేను' మంత్రం పుణ్యాన ఒకే ప్రాజెక్టు నుంచి ముగ్గురొస్తే దానికి ముగ్గురు నాయకులు. పనిచేసినవాడు మాత్రం దొరకడు.)

నిజానికి స్టార్‌లో ఆ గజిబిజికి చోటుంది. సందర్భం రెండు వాక్యాల్లో ముగించాలి. పని దగ్గర మీ హద్దు చెప్పాలి: ఆ రాత్రి డ్యూటీ నాది, సర్టిఫికెట్ నా చేతిలో లేదు. చెప్పే సమయంలో సగానికి పైగా మూడో గడికే పోవాలి, అందులోనూ ఏం చేశారన్నదానితో పాటు ఏది వద్దనుకున్నారో, ఎందుకో రావాలి. ఫలితం: పొద్దుటికి రెండు ఫైళ్లూ చేరాయి, ఎవరికీ రెండుసార్లు జీతం పడలేదు. శాతం లేకపోతే కొంపలేం మునగవు.

అయినా ఈ నాటకంలో అభ్యర్థిని ఒక్కణ్నే తిట్టడం అన్యాయం. ఉద్యోగం కావాల్సినవాడు ఏ పాట అడిగితే ఆ పాటే పాడతాడు. అసలు దోషం గల్లాపెట్టెలాంటి మొహం పెట్టుకుని 40 శాతాన్ని నోట్లుగా జమచేసుకునే ప్యానెల్‌ది. అయ్యా ప్యానెల్ పెద్దలూ, ఈసారి ఆ అంకె వినపడగానే మూడు ప్రశ్నలు వేయండి: ఎంత నుంచి ఎంతకు తగ్గింది? కొలిచిందెవరు? మొదట తప్పు దేనిదనుకున్నారు? పనిచేసినవాడు మూడోదానికి ఆగకుండా మాట్లాడతాడు. వల్లెవేసినవాడు మళ్లీ సందర్భం నుంచి మొదలుపెడతాడు.