ఇరవయ్యా, పాతికా? అడిగేవాణ్ణి బట్టి!

మా మేనమామకు మల్కాజ్‌గిరిలో మందుల షాపుంది. ఆయనకు లాభమెంతొస్తుందో మా అత్తయ్యకు కూడా ఇంతవరకూ తెలీదు. ఆయనేమీ దాచడు. అడిగినప్పుడల్లా చెబుతాడు, చెప్పినప్పుడల్లా నిజమే చెబుతాడు. కాకపోతే మనిషికో అంకె చెబుతాడు. మీ బంధువుల్లోనూ ఇలాంటి వ్యాపారి మామయ్య ఒకాయన తప్పకుండా ఉండే ఉంటాడు.

పొద్దున్నే స్కూటర్ మీద తార్నాక దాటి ఉస్మానియా క్యాంపస్‌కు వస్తాడు. ఆర్ట్స్ కాలేజీ ముందు ఆయన చేసేది వాకింగ్ అని అత్తయ్య నమ్మకం. నాలుగడుగులు వేస్తాడు, ఎవరో ఒకరు దొరుకుతారు, నిలబడిపోతాడు. రిటైరైన సార్లు ఎవరైనా “వ్యాపారం ఎట్ల నడుస్తున్నది?” అంటే చాలు, ఛాతీ విరిచి “మీ దయ సార్, పాతిక శాతం!” అంటాడు.

అదే మనిషి పది గంటలకు కౌంటర్ వెనక కూర్చుంటే గొంతు మారిపోతుంది. “కొంచెం తగ్గియ్యే అన్నా” అని ఎవరైనా అడిగితే, “ఇరవై శాతం మీద బతికేటోళ్లం తల్లీ. అండ్లనే కిరాయి, అండ్లనే కరెంటు, అండ్లనే పోరగాని జీతం” అని దీనంగా చూస్తాడు.

రెండూ ఒకే మందు గురించి చెప్పిన మాటలే. జీఎస్‌టీ పక్కన పెడితే, ఆయనకు 80 రూపాయలకు పడే పట్టీ మీద 100 అని ధర ఉంటుంది. మిగిలేది 20. ఆ 20ని కొన్న 80తో పోల్చి చూస్తే పాతిక శాతం, అది మార్కప్. అమ్మిన 100తో పోల్చి చూస్తే ఇరవై శాతం; అది మార్జిన్. ఆర్ట్స్ కాలేజీ ముందు మామయ్య మార్కప్ మనిషి, మల్కాజ్‌గిరిలో మార్జిన్ మనిషి. కొడుకు పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రికి పాతిక అని చెప్పాడు. వారం తిరక్కుండా చెల్లెలు, అంటే మా అమ్మ, చేబదులు అడిగితే ఇరవై అన్నాడు. ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించమంటే ఎవరూ చూపించలేరు.

మనం తికమకపడడానికి కారణం మన చదువే. బడిలో లాభనష్టాల పాఠంలో లాభశాతం ఎప్పుడూ కొన్నవెల మీదే కట్టించారు. బజారులో మందుల స్టాకిస్టు చెప్పే మార్జిన్ అమ్మే ధర మీద. ఆడిటర్ చూసే స్థూల లాభశాతమూ అమ్మకాల మీదే. బడి లెక్క ఒక కొసన, బజారు లెక్క ఇంకో కొసన ఉంటే, మామయ్య మధ్యలో కుర్చీ వేసుకున్నాడు.

ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడానికి ఆయనకు కాలిక్యులేటర్ అక్కర్లేదు. శాతాన్ని భిన్నం చేసుకుంటాడు. “పాతికంటే నాలుగోవంతు. కింది అంకెకు పై అంకె కలుపు, ఐదోవంతు. అంటే ఇరవై. అమ్మకం లెక్క నుంచి వెనకకు రావాల్నంటే తీసెయ్యి. ఐదులో ఒకటి పోతే నాలుగోవంతు, మల్ల పాతిక. ఏముందిరా అల్లుడా ఇండ్ల, నీ పీహెచ్‌డీ కన్న అల్కగున్నది” అంటాడు. నిజమే, ఎక్కడైనా పనిచేస్తుంది. కొన్నదానిపై సగం వేసుకుంటే అమ్మకంలో మూడోవంతు లాభం. రెట్టింపుకు అమ్మితే, వంద శాతం మార్కప్ కాస్తా యాభై శాతం మార్జిన్. మార్కప్‌కు పై హద్దు లేదు, మూడొందలైనా కావచ్చు. మార్జిన్ మాత్రం వందకు చేరాలంటే సరుకు ఊరికే రావాలి. అంకెలు చిన్నవైతే తేడా కనబడదు: ఐదు శాతం మార్కప్ అంటే దాదాపు 4.76 శాతం మార్జిన్. అంకె పెరిగే కొద్దీ రెండూ దూరమవుతాయి.

ఆ దూరం ఎంత ఖరీదో మా అత్తయ్య తమ్ముడికి తెలిసొచ్చింది. ఆయనా మామయ్యతో పాటే వాకింగ్‌కు వచ్చేవాడు. పాతిక శాతం మాట రోజూ చెవిన పడేది. తార్నాక దగ్గర మందుల షాపు తెరిచి, హాస్టల్ పిల్లల్ని రాబట్టాలని “25 శాతం తగ్గింపు” అని బోర్డు పెట్టాడు. లాభం పాతిక, తగ్గింపు పాతిక, కొన్నాళ్లు లాభం లేకపోయినా నష్టమైతే రాదని ఆయన ధీమా. కానీ తగ్గింపును కట్టేది 100 మీద. 80 పెట్టి కొన్న పట్టీ 75కి పోతోంది. ఒక్కోదానికి 5 రూపాయలు చేతినుంచి పడుతోంది.

ఈ జబ్బు మొదట్లో బయటపడదు. షాపు నిండా జనం, గల్లా నిండా నోట్లు. వంద పట్టీలు అమ్మితే 7,500 వచ్చింది. అవే వంద పట్టీలు మళ్లీ తెప్పించాలంటే స్టాకిస్టుకు 8,000 కట్టాలి. గిరాకీ పెరుగుతున్నా అరలు ఖాళీ అవుతున్నాయంటే అనుమానించాల్సింది అక్కడే. మామయ్య వెళ్లి బోర్డు వంక ఓసారి, బామ్మర్ది వంక ఓసారి చూశాడు. “నేను సార్లకు చెప్పిన లెక్క నువ్వెందుకు నమ్మినవ్ బామ్మర్దీ? ఇరవై దాటితే నీ జేబుల నుంచే పోతది” అన్నాడు. ఇరవై తగ్గిస్తే అసలు దక్కుతుంది. కిరాయి, కరెంటు, జీతం రావాలంటే అంతకంటే తక్కువే తగ్గించాలి. ఆ సాయంత్రమే బోర్డు మీద అంకె మారింది.

మామయ్యకు సర్కారు మీద ప్రత్యేకమైన అభిమానం. కారణం 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు. షెడ్యూల్‌లో ఉన్న మందులకు గరిష్ఠ ధర కట్టేటప్పుడు చిల్లర దుకాణదారుకు 16 శాతం మార్జిన్ వేస్తారు. పేరుకు మార్జిన్, కట్టేది మాత్రం దుకాణదారు కొనే ధర మీద. అంటే 100కు కొన్నది, పన్ను కాక, 116కు అమ్మొచ్చు. అమ్మకం మీద చూస్తే అది సుమారు 13.8 శాతమే. ఆ మందు మీద ఎవరైనా పదహారు శాతం తగ్గిస్తే వచ్చేది 97 రూపాయల 44 పైసలు. అసలుకే రెండున్నర రూపాయల గండి. “సర్కారు కూడా నా లెక్కనే మాట్లాడతది చూసినవా?” అని మామయ్య మురిసిపోతాడు.

ఇక నా వంతు. మొన్న అమ్మకు మందులు కొనడానికి వెళ్తే, 100 రూపాయల పట్టీకి 84 తీసుకుని, “నీకు పదహారు శాతం తగ్గించిన అల్లుడా” అన్నాడు. నేను తృప్తిపడేలోపే అత్తయ్య అడిగింది, పిల్లాడి దగ్గర లాభం తీసుకున్నావా అని. “మీద ఐదు శాతమే వేసిన” అన్నాడు. 80 మీద ఐదు శాతమంటే నాలుగు రూపాయలు, కలిపితే 84. నాకు చెప్పిందీ నిజమే, అత్తయ్యకు చెప్పిందీ నిజమే. ఇలాంటి మనిషితో దెబ్బలాడేదెట్లా?

పైగా ఆ రక్తం నాలోనూ ఉంది. నా జీతం 40 వేల నుంచి 50 వేలైనప్పుడు, తోటివాళ్లతో పాతిక శాతం పెరిగిందన్నాను. పార్టీ అడిగినవాళ్లతో మాత్రం, కొత్తగా వచ్చింది జీతంలో ఇరవై శాతమేనని చెప్పాను.

కాబట్టి పాఠకులకు నా సలహా ఒక్కటే. దుకాణదారు బోర్డు పెట్టినా, పెళ్లికొడుకు తండ్రి గొప్పలు పోయినా, మా మామయ్య ప్రమాణం చేసినా, శాతం అనే మాట వినబడగానే “దేని మీద?” అని అడగండి. జవాబు వచ్చాకే నమ్మండి.