విమానం ఆలస్యం కాలేదు, మీరే ముందొచ్చారు

విమాన టికెట్ కొనేటప్పుడు తెర అడుగున చిన్న గడి ఒకటి ఉంటుంది. అందులో టిక్కు పెడితేనే డబ్బు కట్టనిస్తారు. ప్రయాణ షరతులన్నీ చదివాను, ఒప్పుకున్నాను అని దానర్థం. ఇంతమంది చదువుకున్నవాళ్లు ఇంత నిశ్చింతగా అబద్ధమాడే చోటు ఇంకోటి ఉండదు. ఆ తర్వాత పెట్టె పోయిందనో విమానం కదల్లేదనో నోరెత్తితే కౌంటర్లో అమ్మాయి మెత్తగా, "మీరు ముందే ఒప్పుకున్నారు కదా సార్" అంటుంది. సరే, ఒప్పుకున్నదేమిటో చూద్దామని ఆ షరతులు తీరిగ్గా చదివాను. కడుపుబ్బ నవ్వుకోవచ్చు, టికెట్ డబ్బు మనది కాకపోతే.

వాటిలో కాలం రెండు రకాలు. ప్రయాణికుడి కాలం నిమిషాల్లో నడుస్తుంది. దేశంలోపలి విమానమైతే బయల్దేరే వేళకు 60 నిమిషాల ముందు చెకిన్ కౌంటరు, 25 నిమిషాల ముందు గేటు మూసేస్తారు. 24 నిమిషాలుండగా వచ్చినవాడు అసలు రానివాడి కిందే లెక్క. సంస్థ కాలానికి మాత్రం గడియారం లేదు. వేళలకు హామీ లేదని, అవి ఒప్పందంలో భాగం కావని ఒక వాక్యంతో తేల్చేస్తారు.

బాగేపల్లి నుంచి దేవనహళ్లి విమానాశ్రయం దాదాపు 70 కిలోమీటర్లు. తెల్లవారి ఆరింటి విమానానికి మనవాళ్లు రెండింటికే లేచి కారెక్కుతారు. టోల్‌గేటు దగ్గర బారులు తీరినా, ఆదివారం నంది కొండ మీద సూర్యోదయం చూడ్డానికి బెంగళూరు బెంగళూరంతా మలుపు దగ్గర అడ్డం పడినా, అవేవీ "అసాధారణ పరిస్థితులు" కావు. ఆ మాట వాడుకునే హక్కు సంస్థ ఒక్కదానికే ఉంది.

ఆలస్యమైతే సంస్థ ఏం చెయ్యాలో డీజీసీఏ నిబంధనల్లో రాసి ఉంది. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటలో అంతకు మించో ఆలస్యమయ్యేలా ఉంటే, వేళకు చెకిన్ అయినవాళ్లకు తిండీ నీళ్లూ పెట్టాలి. ఆరు గంటలు దాటేలా ఉంటే ఇంకో విమానమో, పూర్తి డబ్బు వాపసో ఇవ్వాలి. ఇందులో రుచికరమైన మాట "అయ్యేలా ఉంటే" అన్నది. అంటే ఆలస్యాన్ని సంస్థ ముందుగా ఊహించాలి. మన సంస్థలకున్నంత ఆశావాదం ఇంకెవరికీ లేదు కాబట్టి అవి రెండు గంటల ఆలస్యాన్ని ఎన్నడూ ఊహించవు. నలభై నిమిషాలు ఊహిస్తాయి. అది గడిచాక ఇంకో నలభై. అలా నాలుగు విడతలు ఊహించాక, పొట్లం బిస్కెట్ల కోసం మనం కౌంటరు దగ్గరికి వెళ్తే "ఇప్పుడే బోర్డింగ్ మొదలవుతుంది" అంటారు. అందుకే తెలిసినవాళ్లు చేసే మొదటి పని, వేళ మారిన ప్రతిసారీ తెరను ఫోటో తీసి పెట్టుకోవడం. రెండోది, మంచు అని కారణం చెబితే పక్క గేటు వైపు చూడడం. అదే మంచులో అటు విమానాలు లేస్తూ ఉంటే, మనదాన్ని ఆపింది ఒట్టి మంచే కాదేమోనని అనుమానించాలి.

మంచు విషయంలో మన తెలుగువాళ్ల ముచ్చట ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007 డిసెంబరులో ఢిల్లీ నుంచి హైదరాబాదుకు ఇండిగో టికెట్ కొన్న ప్రయాణికుడు, విమానం ఎక్కాక గంటల తరబడి లోపలే కూర్చోవాల్సి వచ్చింది. హైదరాబాదులోని శాశ్వత లోక్ అదాలత్ ఆయనకు 10,000 రూపాయల పరిహారం, 2,000 ఖర్చులు ఇమ్మంది. తగాదాలన్నీ ఢిల్లీ కోర్టుల్లోనే తేల్చుకోవాలని మా షరతుల్లో ఉందని సంస్థ వాదించింది. పన్నెండు వేల కోసం వ్యవహారం 2011 జులై దాకా నడిచింది. వకీళ్ల ఫీజులు ఎంతయ్యాయో గానీ, ఆ డబ్బుతో విమానం మొత్తానికి విందు పెట్టి ఉండొచ్చు. లోక్ అదాలత్‌కు ఆ ఢిల్లీ షరతు అడ్డు రాదని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మంచు సంస్థ చేతిలో లేనిదని పరిహారం కొట్టేసింది. అక్కడితో ఆగలేదు. టికెట్ చవకదైనా సరే, ప్రయాణికులు ఇరుక్కుపోయినప్పుడు తిండీ నీళ్లూ కనీస అవసరాలూ చూడడం సంస్థ బాధ్యతేనంది. సంస్థలు ఈ తీర్పులో మంచు ముక్క ఒక్కటే బట్టీ పట్టాయి.

"చేతిలో లేనిది" అన్న మాట ఎంతదాకా సాగుతుందో 2025 డిసెంబరులో చూశాం. అదే సంస్థవి వేల విమానాలు రద్దయ్యాయి. మన దేవనహళ్లిలో జనం నేలమీదే పడుకున్నారు. కారణం మంచు కాదు, తుఫాను కాదు. పైలట్ల విశ్రాంతి, రాత్రి డ్యూటీల మీద వచ్చిన కొత్త నిబంధన. అది 2024 జనవరిలోనే ప్రకటించిన సంగతి. దాదాపు రెండేళ్ల ముందే చెప్పి వచ్చిన అతిథి అన్నమాట.

ఇక పెట్టె సంగతి. కొందరి షరతుల్లో పోయిన పెట్టెకు కిలోల లెక్కన విలువ కడతారు. కిలోకు 350 అనుకోండి. కాశీకి వెళ్లే పెద్దావిడ 14 కిలోల పెట్టెలో 18,000 రూపాయల పట్టుచీర పెట్టుకుంది. పెట్టె పోతే ఆమెకు దక్కేది 4,900. చీరను చింతామణి మార్కెట్లో టమాటా బుట్టలా తూకం వేశారన్నమాట. కానీ విమాన రవాణా చట్టం కింద కేంద్రం 2014లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, దేశంలోపలి ప్రయాణాల్లో సామాను పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 20,000 రూపాయలు. ఆలస్యం వల్ల ప్రయాణికుడికి కలిగిన నష్టానికైతే 80,000. గుర్తుంచుకోండి, ఇవి పై హద్దులు, చేతికిచ్చే మొత్తాలు కావు. నష్టం ఎంతో బిల్లుతో చూపించాల్సింది మనమే. హద్దు ప్రయాణికుడికే గానీ పెట్టెకు కాదు కాబట్టి, రెండు పెట్టెలు పోయినా అంతే.

అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లేవాళ్లకు మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. అందులో సామాను హద్దు 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు, మన లెక్కలో లక్షా డెబ్బై వేల పైమాటే. సామాను విలువ అంతకంటే ఎక్కువైతే అప్పగించేటప్పుడే ప్రత్యేకంగా ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టాలి. అప్పుడు హద్దు పెరుగుతుంది. ఈ సౌకర్యం గురించి కౌంటర్లో అడిగి చూడండి, మీ వైపు చూసే చూపుకే టికెట్ డబ్బు గిట్టుబాటవుతుంది. ఆ ఒప్పందం 26వ అధికరణంలో ఇంకో ముక్కుంది. సంస్థ బాధ్యతను తప్పించే, హద్దును తగ్గించే షరతు ఏదైనా చెల్లదు. నగలు, మందులు, ల్యాప్‌టాప్ పెట్టెలో పెడితే మాకు సంబంధం లేదని బల్లగుద్దే షరతు కనిపించినప్పుడల్లా నాకు ఈ 26 గుర్తొస్తుంది. అలాగని నగలు పెట్టెలో వేసేది తెలివితక్కువతనమే, చట్టం మన పక్కనున్నా సరే.

గడువుల దగ్గర మాత్రం హాస్యం చెల్లదు. పెట్టె పగిలితే 7 రోజుల్లో, ఆలస్యంగా అందితే అందిన రోజు నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. దావాకు రెండేళ్లు. విమానాశ్రయం దాటకముందే పీఐఆర్ అనే కాగితం రాయించుకుని, బ్యాగు ట్యాగు చింపకుండా దాచుకోవాలి. మనవాళ్లు ఇంటికి రాగానే చేసే మొదటి పని ఆ ట్యాగు పీకి పారెయ్యడం.

తగాదాలన్నీ మా ఊరి కోర్టులోనే అన్న వాక్యం షరతుల చివర ఇంకా కనబడుతూనే ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తానుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. బాగేపల్లి మనిషి చిక్కబళ్లాపురం బస్సెక్కితే చాలు. తెల్లవారుజామునే లేచి, టోల్‌గేటు దాటి, నంది కొండ మలుపు మీదుగా రావలసింది ఇప్పుడు సంస్థ వకీలు.