బాణం కనిపిస్తే యూజర్ ఫ్లో అని నమ్మకండి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా హాస్టళ్లలో ఉంటూ యాప్ డిజైన్ నేర్చుకునేవాళ్ల మధ్య ఒక సలహా నోటినోటా తిరుగుతోంది: "బాణాలుంటే యూజర్ ఫ్లో, డబ్బాలుంటే వైర్‌ఫ్రేమ్. అంతే, గుర్తుపెట్టుకో తమ్ముడూ." గుర్తుంచుకోవడం తేలికే కానీ ఈ సలహా తప్పు. వైర్‌ఫ్రేమ్ పక్కన "ఇక్కడ ఎర్ర అక్షరాల్లో తప్పు చూపాలి" అని రాసి బాణం గీయడం రోజూ జరిగేదే. ఇక యూజర్ ఫ్లో నిండా డబ్బాలే ఉంటాయి.

ఇలాంటిదే ఇంకొకటి: "రంగులు లేకుండా బూడిదరంగులో ఉంటే వైర్‌ఫ్రేమ్." ఫ్లోలు కూడా చాలావరకు అలాగే ఉంటాయి. దీన్నీ వదిలేయండి.

సరైన పరీక్ష వేరే ఉంది. ఏదో ఒక చిన్న సంగతి మార్చి, ఏ కాగితం చెరపాల్సి వస్తుందో చూడండి. ఇక్కడి అభ్యాసానికి సరిపోయే యాప్ ఒకటి తీసుకుందాం: దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఖాళీ బెడ్ వెతికే యాప్. సైనప్‌లో మూడు తెరలు: మొబైల్ నంబర్, ఓటీపీ, పేరు.

మొదటి మార్పు. నంబర్ తెరలో "ఓటీపీ పంపు" బటన్‌ను అట్టడుగున పెట్టారు. నంబర్ కొట్టడానికి వేలు పెట్టగానే కీబోర్డు పైకి లేచి తెరలో దాదాపు సగం ఆక్రమిస్తుంది, బటన్ దాని వెనక దాక్కుంటుంది. అందుకే బటన్‌ను నంబర్ గడి కిందికి జరపాలి. దాని ఎత్తు కూడా చూసుకోవాలి. వేలితో నొక్కేది ఏదైనా కనీసం 48 డీపీ ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు చెబుతాయి. ఇంత మారినా, నొక్కాక వెళ్లేది ఓటీపీ తెరకే. చెరిపింది వైర్‌ఫ్రేమ్ ఒక్కటే. ఒక తెర మీద ఏది ఎక్కడ, ఎంత మేర ఉందో చెప్పే కాగితం అది.

రెండో మార్పు దీనికంటే విలువైనది. ఆ నంబర్‌తో ముందే ఖాతా ఉందా లేదా అనే ప్రశ్నను చాలామంది నంబర్ కొట్టిన వెంటనే పెడతారు. ఉంటే "మీకు ఖాతా ఉంది, లాగిన్ అవ్వండి" అని చూపిస్తారు. అప్పుడు మీ నంబర్ తెలిసిన ఎవరైనా దాన్ని కొట్టి, మీరు ఈ యాప్ వాడుతున్నారని తెలుసుకోవచ్చు. హాస్టల్ వెతుక్కుంటున్న అమ్మాయి విషయంలో అది చిన్న సంగతి కాదు. కాబట్టి ఆ ప్రశ్నను ఓటీపీ సరిపోయాక పెట్టాలి: కొత్తవాళ్లయితే పేరు తెరకు, పాతవాళ్లయితే నేరుగా హోమ్‌కు. ఫ్లోలో ఆ ప్రశ్నకు గీసిన వజ్రం ఆకారం ఓటీపీ తెర అవతలికి జరిగింది, బాణాలు తిరిగాయి. "మీకు ఖాతా ఉంది" అన్న ఆ ఒక్క వాక్యం పోవడం తప్ప తెరల మీద గడి, బటన్ ఏదీ కదల్లేదు. చెరిపింది యూజర్ ఫ్లో. ఏ షరతు మీద, ఎవరు, ఎటు వెళ్తారో చెప్పే కాగితం అది.

చిక్కంతా మూడో రకంతో. ఫిగ్మాలో మూడు వైర్‌ఫ్రేమ్‌లను వరుసగా పేర్చి, బటన్ నుంచి పక్క తెరకు బాణం లాగి, దాన్నే యూజర్ ఫ్లో అంటారు. నిజానికి దాన్ని వైర్‌ఫ్లో అంటారు, అదీ పనికొచ్చేదే. కానీ అందులో వజ్రం ఒక్కటీ లేకపోతే, అన్నీ సవ్యంగా జరిగిన మనిషి కథ మాత్రమే గీసినట్టు. ఓటీపీ రాకపోతే? గడువు దాటాక కొడితే? నంబర్‌లో ఒక అంకె తప్పు పడితే వెనక్కి వెళ్లే దారేది? ఈ ప్రశ్నలు వేస్తే "మళ్లీ పంపు", "నంబర్ మార్చు" అనే రెండు లింకులు అవసరమని తేలుతుంది. అవి ఓటీపీ గడుల కింద ఎక్కడ కూర్చోవాలన్నది వైర్‌ఫ్రేమ్ పని.

అందుకే "ముందు తెరలు గీసెయ్, ఫ్లో తర్వాత చూసుకుందాం" అనే సలహా సైనప్ విషయంలో పాటించవద్దు. తెరలెన్ని, వాటి మీద ఏమేం ఉండాలన్నది ఫ్లోలోనే తేలుతుంది. పెన్సిల్‌తోనైనా సరే, ముందు దాన్ని గీయండి.

ఇంటర్వ్యూకు తీసుకెళ్లే మీ పోర్ట్‌ఫోలియో ఈ రాత్రే తెరిచి చూడండి. "యూజర్ ఫ్లో" అని పేరు పెట్టిన పేజీలో "కాదు" అని రాసిన బాణం ఒక్కటీ లేకపోతే, ఆ పేరు తీసేసి అసలు ఫ్లో గీయండి.